నైట్ డ్యూటీ కానిస్టేబుల్ చేతిలో నిజంగా ఏముంది?

ప్రశ్న: బెంగళూరు నేపథ్యంలో ఒక చిన్న కథ రాస్తున్నాను. రాత్రి స్టేషన్లో ఒంటరిగా ఉన్న కానిస్టేబుల్ దగ్గరికి బాగా భయపడిపోయిన తెలుగు వలస కూలీ ఒకడు వస్తాడు. మేస్త్రీ డబ్బులివ్వలేదని, కొట్టాడని చెబుతాడు. కంప్లైంట్ రాసుకోవాలా, పంపించేయాలా అని కానిస్టేబుల్ మథనపడి, చివరికి ఎఫ్‌ఐఆర్ రాస్తాడు. అక్కడితో కథ అయిపోతుంది. చదివిన ఫ్రెండ్ ఒకడు ఇది సినిమాలా ఉంది, స్టేషన్లో ఇలా జరగదు అన్నాడు. నిజంగా ఏం జరుగుతుంది? పోలీసు పని తెలిసినవాళ్లు చెప్పగలరా?

జవాబు:

మీ ఫ్రెండ్ చెప్పింది నిజమేనండి. మామూలుగా కానిస్టేబుల్‌కి ఎఫ్‌ఐఆర్ కట్టే అధికారం లేదు. ఫిర్యాదు నమోదు చేసే బాధ్యత స్టేషన్ ఇన్‌చార్జి అధికారిది. ఆయన స్టేషన్లో లేకపోతే అక్కడున్నవాళ్లలో తర్వాతి హోదా మనిషి ఆ పని చేయొచ్చు, కానీ ఆ మనిషి కానిస్టేబుల్ కన్నా పై హోదాలో ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వం వేరుగా ఆదేశించి ఉంటే తప్ప, డెస్క్ మీద హెడ్ కానిస్టేబుల్ ఉంటే కుదురుతుంది, కానిస్టేబుల్ ఒక్కడే ఉంటే కుదరదు.

మరి అతని చేతిలో ఉన్నవేమిటంటే ఒక ఫోను, ఒక స్టేషన్ డైరీ, ఎదుట నిలబడ్డ మనిషిని అడగగలిగే ప్రశ్నలు. ఎస్‌ఐని నిద్ర లేపాలా వద్దా, లేపితే ఏ మాట చెప్పి లేపాలి అన్నదే ఆ రాత్రి అతను తేల్చుకోవాల్సింది. నేను బెంగళూరులో స్టేషన్ రైటర్‌గా ఏళ్ల తరబడి పనిచేసి రిటైరయ్యాను, మా ఇంట్లో తెలుగే. అలాంటి కంప్లైంట్లు రాసిన చేత్తో చెబుతున్నాను, ఆ ఫోన్ కాల్‌లోనే మీ కథ మొత్తం ఉంది. మీ కథనే తీసుకుని ఎలా నడుస్తుందో చెబుతాను. పేర్లు నేను పెట్టినవి.

కానిస్టేబుల్ నారాయణస్వామి అనుకుందాం. బాగేపల్లి వైపు మనిషి. అక్కడ ఇళ్లలో తెలుగు, బడిలో కన్నడ. సర్జాపుర రోడ్డు వైపు, చుట్టూ అపార్టుమెంట్లు కడుతున్న ఏరియాలో స్టేషన్. రాత్రి ఒకటిన్నర దాటింది. ఎస్‌ఐ నైట్ రౌండ్స్ ముగించుకుని ఇంటికి వెళ్లాడు. డెస్క్ మీద ఉండాల్సిన హెడ్ కానిస్టేబుల్, యాక్సిడెంట్ కేసు ఒకటి వచ్చిందని ఆసుపత్రి నుంచి కబురొస్తే అక్కడికి పోయాడు. ఇలా గంటా రెండు గంటలు కానిస్టేబుల్ ఒక్కడే మిగలడం మామూలే. కాబట్టి మీ కథలో అతన్ని ఒంటరిగా కూర్చోబెట్టడానికి ఈ కారణం సరిపోతుంది.

కూలీ పేరు కుర్మయ్య. కొల్లాపూర్ దగ్గరి పల్లె. పాలమూరు వైపు నుంచి గుంపు మేస్త్రీ చేతిలో అడ్వాన్సు తీసుకుని, పెళ్లాం పిల్లలతో సహా పనికి పోవడం తరతరాలుగా ఉన్నదే. అతను వచ్చి గుమ్మంలోనే నిలబడతాడు. లోపలికి రమ్మన్నా రాడు.

"సార్, మేస్త్రీ పైసలియ్యడు సార్. అడిగితే కొట్టిండు."

ఈ రెండు వాక్యాలు వినగానే నారాయణస్వామి తలలో ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. కూలి డబ్బులంటే లేబర్ ఆఫీసుకి పో. కొట్టాడంటే, చెంపదెబ్బ లాంటి చిన్న గాయం భారతీయ న్యాయ సంహిత 115(2) కిందికి వస్తుంది. అది పోలీసులు సొంతంగా కేసు కట్టి దర్యాప్తు చేయగలిగే నేరం కాదు. పుస్తకంలో రాసుకుని, మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లమని చెప్పాలి. అంటే "పొద్దున రాప్పా" అని పంపేస్తే పైకి చట్టప్రకారం పెద్ద తప్పేమీ చేసినట్టు కనిపించదు. దీన్ని కథలో దాటేయకండి. పంపించేసే కానిస్టేబుల్ దుర్మార్గుడే అయి ఉండాలని లేదు. ఎదుటి మనిషి చెప్పిన మొదటి రెండు ముక్కలకు సరైన జవాబే ఇచ్చి, అసలు సంగతి వినకుండా పంపేస్తాడు. నేను చూసినంతలో ఇలాంటి ఫిర్యాదులు ఎక్కువగా పోయేది ఇక్కడే.

భయపడ్డ మనిషి అసలు నేరాన్ని ముందు చెప్పడు. తనకు ఏది అన్యాయం అనిపించిందో అది చెబుతాడు. కుర్మయ్యకు అన్యాయం అనిపించింది డబ్బు రాకపోవడం, దెబ్బ తినడం. గేటుకు తాళం వేసి ఉంచడం అతని లెక్కలో నేరం కాదు, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాక అది మామూలే అనుకుంటాడు. పైగా లోపల ఇంకో భయం ఉంటుంది. అడ్వాన్సు తీర్చకుండా పారిపోతే నీ మీదే దొంగతనం కేసు పెట్టిస్తా అని మేస్త్రీ చెప్పి ఉంటాడు. తాను నేరం చేసి వచ్చానేమో అన్న అనుమానంతోనే అతను ఆ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

ఇక్కడ నారాయణస్వామి కళ్లకు ఏదో ఒకటి తగలాలి. నేనైతే కాళ్లు చూపిస్తాను. చెప్పుల్లేవు. కుడి అరికాలు తెగి, నేల మీద నెత్తురు మరకలు పడుతున్నాయి. గాయం అంచుకు సిమెంటు అంటుకుని ఉంది.

"కాలికేమైందప్పా?"

"గోడ దుంకిన సార్. గోడ మీద గాజు పెంకులున్నయి."

"గేటు ఉంది గదా, గోడ దూకేది ఎందుకు?"

ఈ ప్రశ్నతో కథ మలుపు తిరుగుతుంది. కానీ తొందరపడకూడదు. "గేటుకు తాళమేసిండ్రు" అంటాడు కుర్మయ్య. రాత్రిపూట ఏ సైటుకైనా తాళం వేస్తారు, ఇనుము సిమెంటు పోకుండా. అది నేరం కాదు. అనుభవం ఉన్నవాడు అక్కడ ఆగకుండా పగటి సంగతి అడుగుతాడు. బియ్యానికి, కూరగాయలకు ఎవరు పోతారు అని.

"నా పెండ్లాం పోతది సార్. ఆమె పోయినప్పుడు బిడ్డను వాచ్‌మన్ కాడ కూసోబెట్టుకుంటరు. వచ్చినంక ఇడుస్తరు."

ఇది వినగానే నారాయణస్వామికి అర్థమవ్వాలి, ఇది కూలి గొడవ కాదని. అక్రమ నిర్బంధం అంటే గదిలో పెట్టి గొళ్లెం వేయడం ఒక్కటే అనుకుంటారు చాలామంది, పోలీసుల్లో కూడా. ఫలానా హద్దు దాటి పోనివ్వకుండా మనిషిని ఆపితే అదే నిర్బంధం అంటుంది చట్టం. న్యాయ సంహిత 127వ సెక్షన్‌లో ఇచ్చిన ఉదాహరణే చూడండి. భవనం బయటికి వచ్చే దారుల్లో తుపాకులతో మనుషుల్ని నిలబెట్టి, బయటికి వస్తే కాలుస్తామని చెప్పడం. అక్కడ ఏ తలుపుకూ తాళం లేదు. వాచ్‌మన్ దగ్గర కూర్చున్న పసిపిల్ల, ఆ తల్లికి ఆ తుపాకీతో సమానం. సైటు మొత్తం పదెకరాలున్నా, లోపల తిరగనిచ్చినా, పనిచేయించుకున్నా నిర్బంధం నిర్బంధమే. ఇది పోలీసులు సొంతంగా కేసు కట్టాల్సిన నేరం.

తర్వాత అడగాల్సింది ఎన్ని రోజులు అని. ఇది శిక్షను మార్చేస్తుంది. మూడు రోజుల లోపు నిర్బంధానికి 1 ఏడాది వరకు, మూడు రోజులు అంతకు మించితే 3 ఏళ్ల వరకు, పది రోజులు అంతకు మించితే 5 ఏళ్ల వరకు. కానీ "ఎన్ని రోజులైంది?" అని అడిగితే కూలీ దగ్గర జవాబుండదు. "శానా దినాలైంది సార్" అంటాడు. రైటర్ అదే రాస్తే కోర్టులో ఎందుకూ పనికిరాదు. మనిషికి గుర్తుండేదాన్ని పట్టుకుని లెక్క కట్టాలి.

"ఎప్పట్నుంచి పోనియ్యట్లేదు?"

"మా అన్న చచ్చిపోయిండని ఫోనొచ్చింది సార్. ఊరికి పోత అన్న. పోతే మళ్ల రావని ఫోను గుంజుకున్నరు, ఆధార్ కార్డులు గుంజుకున్నరు. ఆ దినం సంది తాళమే."

"దినాలు అయిపోయినాయా?"

"మొన్ననే సార్. పదకొండో దినానికి కూడ పోనియ్యలే."

పదకొండో రోజు మొన్న అయిపోయింది. అంటే పన్నెండు, పదమూడు రోజులు. చావు కబురు వచ్చిన తేదీని ఊరికి ఫోన్ చేసి ఎవరినైనా అడిగి ఖాయం చేసుకోవచ్చు. పది రోజుల గీత దాటినట్టు అన్న కర్మ దినమే సాక్ష్యం చెబుతోంది. ఈ సంభాషణ మీరు మీ పద్ధతిలో రాసుకోండి, కానీ ప్రశ్నల వరుస మాత్రం ఇదే ఉంచండి. అడ్వాన్సు ఎంత తీసుకున్నావు అని మాత్రం మొదట అడిగించకండి. ఆ ప్రశ్నతో కూలీ నోరు మూతపడుతుంది, తానే బాకీదారు అన్న భయంలోకి వెళ్లిపోతాడు. ఆ వివరం కావాల్సిందే, కానీ చివర్లో.

ఇప్పుడు అసలు టెన్షన్. పెళ్లాం, బిడ్డ ఇంకా లోపలే ఉన్నారు. కుర్మయ్య షెడ్డులో లేడని తెలిసిన మరుక్షణం మేస్త్రీ చేసే మొదటి పని వాళ్లను టెంపోలో ఎక్కించి ఇంకో సైటుకు మార్చడం. పొద్దున పోలీసులు వెళ్లేసరికి రేకుల షెడ్డు ఖాళీగా ఉంటుంది, ఆ పేరుతో ఎవరూ మా దగ్గర పనిచేయలేదు అంటారు. అందుకే "పొద్దున రా" అనే మాటకు ఇక్కడ అంత బరువు. తెల్లారేసరికి ఫిర్యాదు ఉంటుంది, సాక్షులు ఉండరు.

మీ కథలో లేనిది, తప్పకుండా ఉండాల్సింది ఇంకొకటి ఉంది. రెండు గంటల ప్రాంతంలో సైటు సూపర్‌వైజర్ బైకు మీద స్టేషన్‌కి వస్తాడు. కూలీ తప్పించుకుంటే ఎక్కడికి పోతాడో వాళ్లకూ తెలుసు. బస్టాండు, రైల్వే స్టేషన్, పోలీస్ స్టేషన్, ఈ మూడూ వెతుకుతారు. వచ్చినవాడు నారాయణస్వామిని పేరు పెట్టి పలకరిస్తాడు. బీట్ తిరిగే కానిస్టేబుల్‌కి ఏరియాలో సైటు వాళ్లందరూ తెలిసే ఉంటారు, అందులో తప్పేమీ లేదు. "మా లేబర్ సార్, తాగి గొడవ చేసి వచ్చేశాడు. మీకెందుకు శ్రమ, నేను తీసుకుపోతా. డబ్బులు రేపే సెటిల్ చేయిస్తా" అంటాడు కన్నడంలో. కుర్మయ్యకు ఆ భాష పూర్తిగా రాదు, కానీ గొంతు తెలుసు. వెంటనే లేచి నిలబడి, "ఏం లేదు సార్, నేను పోత" అంటాడు.

పంపించేయడానికి ఇంతకన్నా సులువైన సందు దొరకదు. ఫిర్యాదుదారు స్వయంగా వద్దంటున్నాడు. వచ్చినవాడు డబ్బులిప్పిస్తానంటున్నాడు. చిన్న ముచ్చళికె, అంటే రాజీ కాగితం, రాయించుకుని ఇద్దరి చేతా సంతకాలు పెట్టిస్తే ఫైలు క్లోజ్. నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. ఇలాంటి రాత్రి స్టేషన్ చేయగలిగిన అతి పెద్ద అన్యాయం ఫిర్యాదు రాయకపోవడం కాదు, పారిపోయి వచ్చిన మనిషిని వెతుక్కుంటూ వచ్చినవాడి చేతికి అప్పగించడం. ఆ తర్వాత ఆ మనిషి ఇంకే గోడా దూకడు.

నారాయణస్వామి చేయగలిగింది చాలా మామూలు పని. ఇద్దరినీ విడదీయడం. కుర్మయ్యను లోపల రైటర్ గదిలో బెంచీ మీద కూర్చోబెట్టాలి, లాకప్‌లో కాదు. సూపర్‌వైజర్‌ను బయట కుర్చీలో కూర్చోమని, "నీ పేరు, ఫోన్ నంబర్, కంపెనీ పేరు చెప్పప్పా" అని డైరీ ముందుకు లాక్కోవాలి. బైకు నంబర్ కూడా రాసుకోవాలి. తన పేరు కాగితం మీద పడుతోందని చూడగానే ఆ మనిషి కూర్చునే తీరు మారుతుంది. ఫోన్ తీసి ఎవరికో చేస్తాడు. ఆ ఫోన్ ఇన్‌స్పెక్టర్‌కే అయి ఉండొచ్చు అని నారాయణస్వామికీ తెలుసు. తాగాడు అన్న మాట నిజమా కాదా అన్నది దగ్గర నిలబడితే వాసనతోనే తెలుస్తుంది, గాయానికి ఆసుపత్రికి పంపినప్పుడు డాక్టర్ రాసే కాగితంలోనూ తెలుస్తుంది.

కానిస్టేబుల్ భయాలు మీరు ఇంకాస్త నిజంగా రాయొచ్చు. బిల్డర్ పెద్ద మనిషా, రాజకీయ ఒత్తిడి వస్తుందా అన్నది రెండో భయం. మొదటిది చాలా చిన్నది, నిద్రలో ఉన్న ఎస్‌ఐకి ఫోన్ చేసి తిట్లు తినడం. స్టేషన్‌లో కేసుల సంఖ్య పెరిగితే నెలవారీ మీటింగ్‌లో ఇన్‌స్పెక్టర్ జవాబు చెప్పుకోవాలి, ఆ చిరాకు కింది వరకు వస్తుంది. అటువైపు కూడా భయం ఉంది. డెస్క్ మీద కెమెరా ఉంది. స్టేషన్ గుమ్మం, రిసెప్షన్, లాకప్ అన్నిచోట్లా సీసీటీవీ ఉండాలని, రికార్డింగ్ 18 నెలలు దాచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. నెత్తురోడే కాలితో ఒక మనిషి లోపలికి రావడం, అరగంట తర్వాత సూపర్‌వైజర్ బైకు వెనక ఎక్కి పోవడం, రెండూ దాంట్లో ఉంటాయి. రేపు ఆ మనిషికి ఏదైనా అయితే డెస్క్ మీద ఉన్నది ఎవరు అన్నదే మొదటి ప్రశ్న.

ఇక ఫోన్ కాల్. ఇదే నా దృష్టిలో మీ కథకు గుండెకాయ. నారాయణస్వామి "సార్, లేబర్ ఒకడొచ్చినాడు, కూలి గొడవంట" అంటే, అవతల నుంచి వచ్చే జవాబు ఎవరైనా చెప్పగలరు. "పొద్దున రమ్మను." ఆ జవాబు రావాలని కోరుకునే కానిస్టేబుల్ అలాగే అడుగుతాడు. ఫోన్ చేసినట్టూ ఉంటుంది, బాధ్యత తీరినట్టూ ఉంటుంది. తేల్చుకున్న కానిస్టేబుల్ ఇలా చెబుతాడు: "సార్, సైటులో పది రోజులు దాటి గేటు దాటనీకుండా పెట్టుకున్నారంట. ఫోను, ఆధార్ లాక్కున్నారు. గోడ దూకి వచ్చినాడు, కాలు తెగింది. భార్య, చిన్నబిడ్డ ఇంకా లోపలే ఉన్నారు. సూపర్‌వైజర్ వెతుక్కుంటూ వచ్చి బయట కూర్చోనున్నాడు. డైరీలో ఎంట్రీ వేసినా సార్."

ఆ చివరి వాక్యం తర్వాత "పొద్దున చూద్దాం" అనడం ఏ ఎస్‌ఐకైనా కష్టం. ఎంట్రీ అంటే వరుస నంబరు, టైము పడిపోయాయి. 2013లో లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది కూడా ఇదే. పోలీసులు సొంతంగా కేసు కట్టాల్సిన నేరం గురించి సమాచారం వస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలి, ఆ సమాచారం స్టేషన్ డైరీలో కనిపించాలి. అవతల కాసేపు మౌనం. తర్వాత, "స్టేట్‌మెంట్ రాసుకో. నేను వస్తున్నా."

ఆ "రాసుకో" అన్న మాటతో కానిస్టేబుల్ రాతకు అధికారం వస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నోటితో చెప్పిన ఫిర్యాదును ఇన్‌చార్జి అధికారి తానే రాయొచ్చు, లేదా ఆయన చెప్పినమీదట ఇంకొకరు రాయొచ్చు. రాసింది చదివి వినిపించాలి, చెప్పినవాడి సంతకం తీసుకోవాలి. ఎఫ్‌ఐఆర్ మీద సంతకం ఎస్‌ఐదే. కానీ అందులోకి వెళ్లే మాటలు నారాయణస్వామి కలం నుంచి వస్తాయి. సైటు రోడ్డుకు అవతల, వేరే స్టేషన్ పరిధిలో ఉందన్న సాకు కూడా ఇప్పుడు కుదరదు. నేరం ఎక్కడ జరిగినా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి ఆ స్టేషన్‌కు పంపాలి.

ఆ రాయడం దగ్గర కాస్త ఆగండి. నా ఉద్యోగమంతా దాని మీదే గడిచింది కాబట్టి చెబుతున్నాను, ఫిర్యాదు బతికేదీ చచ్చేదీ ఆ మొదటి పేజీలోనే. కుర్మయ్య పాలమూరు తెలుగులో చెబుతాడు. కాగితం కన్నడంలో ఉండాలి. అలవాటు పడ్డ చేయి "కూలి డబ్బుల విషయంలో మాటా మాటా పెరిగి గొడవ జరిగింది" అని ఒక్క వాక్యంలో ముగిస్తుంది. అందులో అబద్ధం లేదు, కానీ తాళం లేదు, బిడ్డ లేదు, పదకొండో దినం లేదు. ఆర్నెల్ల తర్వాత డిఫెన్స్ లాయర్ ఈ వాక్యమే చూపించి, నిర్బంధం సంగతి తర్వాత అల్లారు అంటాడు. దానికి బదులు నారాయణస్వామి ఇలా రాయాలి: "మా అన్న చనిపోయినట్టు ఫోన్ వచ్చిన రోజు ఊరికి వెళ్తానని అడిగాను. మేస్త్రీ నా ఫోన్, మా ఇద్దరి ఆధార్ కార్డులు తీసుకున్నాడు. ఆ రోజు నుంచి మమ్మల్ని గేటు బయటికి పోనివ్వలేదు. నా భార్య సరుకులకు వెళ్లినప్పుడు మా కూతురిని వాచ్‌మన్ దగ్గర ఉంచుకునేవారు." చెప్పినవాడి క్రమంలో, చెప్పినవాడి మాటల్లో. జాలి ఎక్కువైన కొందరు తాళ్లతో కట్టేశారు, అన్నం పెట్టలేదు అని చెప్పనివి కూడా కలుపుతారు. అది ఇంకా ప్రమాదం. ఒక్కటి తేలిపోతే మిగతావీ తేలిపోతాయి.

రాసింది తెలుగులో చదివి వినిపిస్తాడు. కుర్మయ్య వింటూ ఒకచోట ఆపుతాడు. "కట్టెతోని కాదు సార్, సెంట్రింగ్ పైపుతోని." దిద్దుతాడు. ఎడమ బొటనవేలి ముద్ర. కింద ఒక వాక్యం: కన్నడంలో రాసి, ఫిర్యాదుదారుకు తెలిసిన తెలుగులో చదివి వివరించగా సరైనదని ఒప్పుకున్నాడు. ఈ వాక్యం లేని కాగితాలు కోర్టులో ఎలా నలుగుతాయో చూశాను.

ఎస్‌ఐ వచ్చాక ఏ సెక్షన్లు అన్నది ఆయన పని. నిర్బంధం ఉంది, బలవంతపు చాకిరీకి న్యాయ సంహిత 146 ఉంది, అడ్వాన్సు చూపించి కదలనివ్వలేదు కాబట్టి 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఉంది. మోసపు మాటలతో ఊరి నుంచి తెచ్చి ఇలా వాడుకున్నారని తేలితే మనుషుల అక్రమ రవాణా, అంటే 143 కూడా వస్తుంది. ఆ నేరం గురించిన సమాచారం రాసుకోకుండా తిప్పి పంపితే, పంపిన అధికారి మీదే 199 కింద ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల వరకు కఠిన జైలుశిక్ష పడొచ్చు. మీ కానిస్టేబుల్ ఏదైనా ట్రైనింగ్ క్లాసులో ఈ మాట విని ఉండొచ్చు. ఆ రాత్రి అది గుర్తొచ్చిందని ఒక్క ముక్క రాస్తే చాలు, సెక్షన్లు గుప్పించకండి.

ఎఫ్‌ఐఆర్‌తో కథ ముగించడం నాకు నచ్చలేదు. ఆ రాత్రి అసలు పని సైటుకు వెళ్లడం. హొయ్సళ గస్తీ బండిని ముందే గేటు దగ్గరికి పంపి, ఏ వాహనమూ బయటికి పోకుండా చూసి, మహిళా కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని ఎస్‌ఐ వెళ్లాలి. సూపర్‌వైజర్‌ను అప్పటిదాకా స్టేషన్లో కూర్చోబెడితేనే ఇదంతా కుదురుతుంది, అయినా అతను ఫోన్లో చెప్పాల్సింది చెప్పేసి ఉంటాడు. ఆ పరుగులో ఎవరు ముందు అన్నది మీ ఇష్టం. నిజంలో రెండూ జరుగుతాయి.

పొద్దున ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఆయన చేతిలోనూ ఒక మెలిక ఉంది. మూడేళ్లు, అంతకు మించి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకు ఏసీపీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసి, ఆ తర్వాత కేసు కట్టే వీలు 173లోనే ఉంది. కేసు కట్టకముందు ఇన్‌స్పెక్టర్ వచ్చి ఉంటే ఆ దారి పట్టేవాడేమో. రాత్రే ఎఫ్‌ఐఆర్ అయిపోయింది కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. నారాయణస్వామిని పిలిచి, "నన్నెందుకు అడగలేదు?" అంటాడు. "ఎస్‌ఐ గారు చెప్పారు సార్, డైరీలో టైముతో ఉంది" అన్నదే అతని జవాబు. దానికి మెచ్చుకోలు ఉండదు. వచ్చే వారం డ్యూటీ చార్టులో బందోబస్తులు ఎక్కువ పడొచ్చు, అంతే.

కుర్మయ్యకు మాత్రం పొద్దున కూడా ఒకటే ప్రశ్న. "అడ్వాన్సు కట్టాల్నా సార్?" దీనికి సమాధానం పోలీసులది కాదు. ఎస్‌ఐ రిపోర్టు పంపితే రెవెన్యూ శాఖ అసిస్టెంట్ కమిషనర్ విచారించి, వెట్టి నుంచి విడుదలైనట్టు పత్రం ఇస్తారు. వెట్టి అని తేలితే ఆ బాకీ చట్టప్రకారం రద్దయినట్టే, మేస్త్రీ వసూలు చేయడానికి లేదు. తక్షణ సాయంగా రూ. 30,000 వరకు ఇచ్చే కేంద్ర పథకం కూడా ఉంది. ఈ పత్రం దగ్గర ఆలస్యం చాలా ఎక్కువ, పోలీసులు రిపోర్టు పంపకపోతే అసలు కదలదు. అందుకే పెళ్లాం బిడ్డలతో ఊరికి బయలుదేరే ముందు కుర్మయ్య చేతిలో రెండు కాగితాలుండాలి. ఆసుపత్రి చీటీ ఒకటి, ఎఫ్‌ఐఆర్ కాపీ ఒకటి. కాపీ ఉచితంగా ఇవ్వాల్సిందే. "కంప్లైంట్ అందింది" అని ఒక చీటీ ముక్క ఇస్తే అది కేసు కాదు. ఎఫ్‌ఐఆర్‌లో పైన క్రైమ్ నంబరు, సంవత్సరం ఉంటాయి. అతనికి కన్నడం చదవడం రాదు కాబట్టి నారాయణస్వామి ఆ నంబరును, ఎస్‌ఐ ఫోన్ నంబరును, ఉచిత న్యాయ సహాయం కోసం 15100ను కాగితం వెనక పెద్ద అంకెల్లో రాసి ఇవ్వాలి. కొల్లాపూర్ నుంచి ఫోన్ చేసినా, లాయర్ దగ్గరికి వెళ్లినా ఎవరైనా ముందు అడిగేది ఆ క్రైమ్ నంబరే.